ఒంటికి వెళ్తే మంట: మూత్రకోశంలో ఇన్ఫెక్షనా, యోని దగ్గర వాపా? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఆడవాళ్లను చూసే క్లినిక్‌లో రోజూ వినిపించే ఫిర్యాదు ఇది. దానికి రోజూ జరిగే పొరపాటు వైద్యం కూడా ఒకటి ఉంది: మంట అనగానే యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మింగడం. సగం మందికి అది సరిపోతుంది. మిగతా సగం మందికి తగ్గదు, కొందరికి మంట మరింత పెరుగుతుంది. ఎందుకో ఈ ప్రశ్నల్లో చెబుతాను.

మంట మంటే కదా, అందులో తేడా ఏముంటుంది?

మంట ఎక్కడ పుడుతోందన్నదే తేడా. మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ ఉంటే లోపలి పొర ఎర్రబడి వాచి ఉంటుంది. అందుకని మంట లోపల, మూత్రం వచ్చే నాళం పొడవునా తెలుస్తుంది. చాలామందికి చివరి చుక్కలు వచ్చేటప్పుడు, మూత్రకోశం ముడుచుకునే క్షణంలో, పొత్తికడుపులో పిండేసినట్టు ఉంటుంది. పైగా వాచిన మూత్రకోశం కొద్దిగా నిండినా ఓర్చుకోలేదు. ఇప్పుడే వెళ్లి వచ్చినా మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే రెండు చెంచాలు కూడా రాదు. వచ్చిందంటే ఆపుకోవడం కష్టం. ఒక్కోసారి మూత్రం గులాబీ రంగులోకి తిరుగుతుంది.

యోనిలో ఇన్ఫెక్షన్‌గానీ వాపుగానీ ఉన్నప్పుడు మూత్రకోశం బాగానే ఉంటుంది. మూత్రం మామూలుగానే పుడుతుంది, మామూలుగానే బయటికి వస్తుంది. బయటికి వచ్చాక, పుండులా ఉన్న యోని పెదవుల మీద పడినప్పుడు చురుక్కుమంటుంది. కాబట్టి మంట బయట, మూత్రం తాకిన చోట ఉంటుంది. మూత్రం అయిపోయాక కూడా కాసేపు ఉంటుంది, స్నానం చేసేటప్పుడు సబ్బు తగిలినా వస్తుంది. మాటిమాటికీ వెళ్లాలనిపించడం ఉండదు. దురద, తెల్లబట్ట, వాసన, కలయికలో నొప్పి వంటివి తోడుంటాయి.

అందుకే నేను మొదట అడిగేది "మంట ఎంత ఉంది?" అని కాదు. "లోపలా, బయటా?" అని, ఆ వెంటనే "దురద ఉందా, తెల్లబట్ట మారిందా?" అని. ఈ రెండో ప్రశ్నను సిగ్గుపడి చాలామంది దాటేస్తారు. నిజానికి దానికున్నంత విలువ చాలా పరీక్షలకు లేదు. 2002లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, మూత్రకోశ లక్షణం ఒక్కటైనా ఉందని వచ్చిన మహిళల్లో దాదాపు సగం మందికే నిజంగా మూత్ర ఇన్ఫెక్షన్ ఉంటుంది. మంటతో పాటు మాటిమాటికీ వెళ్లడం ఉండి, తెల్లబట్టగానీ యోని దగ్గర చికాకుగానీ లేకపోతే ఆ అవకాశం 90 శాతం దాటుతుంది. నోటి మాటతో తేలే విషయం ఇంత ఉందన్నమాట.

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ఇంట్లో నేనే గమనించగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. ఒక పూట గమనిస్తే చాలు. ఒంటికి వెళ్లేటప్పుడు మగ్గుతో చల్లటి మంచినీళ్లు ముందు నుంచి ధారగా పోసుకుంటూ వెళ్లండి. మూత్రం పలచబడి చర్మాన్ని తాకుతుంది. మంట చాలావరకు తగ్గితే అది బయటి మంట అయ్యే అవకాశం ఎక్కువ. ఏమాత్రం తగ్గకపోతే లోపలిదని అనుమానించాలి. ఇది రోగనిర్ధారణ కాదు. డాక్టరు అడిగినప్పుడు తడబడకుండా చెప్పడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

రెండోది, వెళ్లిన ప్రతిసారీ ఎంత వచ్చిందో చూసుకోండి. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు రావడం వేరు, ఎక్కువెక్కువగా ఎక్కువసార్లు రావడం వేరు. మొదటిది మూత్రకోశం చికాకు. రెండోది నీళ్లు ఎక్కువ తాగడం వల్లో, షుగర్ వల్లో, షుగర్ మాత్ర వల్లో కావచ్చు. ఈ తేడా దగ్గరే చాలామంది దారి తప్పుతారు. దీని గురించి కింద ఒక కేసులో వివరంగా చెబుతాను.

ఎండాకాలం కదా, వేడి చేసి ఉంటుంది. బార్లీ నీళ్లు తాగితే తగ్గదా?

మే నెలలో విశాఖ ఉక్కపోతకు చెమటగా పోయే నీరు తక్కువేమీ కాదు. దానికి తోడు, జగదాంబ దగ్గర బట్టల కొట్లలో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిలు పనిచోట మరుగుదొడ్డి సరిగా లేదని మధ్యాహ్నం దాకా నీళ్లే తాగరు. అప్పుడు మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగులో వస్తుంది, కాస్త చురుక్కుమంటుంది. దాన్నే మనవాళ్లు వేడి చేసిందంటారు. బార్లీ నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఏవి తాగినా శరీరానికి నీరు అంది, మూత్రం పలచబడి, ఆ చురుకు ఒక రోజులో పోతుంది.

మూత్రం తెల్లగా, నీళ్లలా వస్తున్నా మంట అలాగే ఉంటే మాత్రం అది వేడి కాదు. దురద ఉన్నా కాదు. బార్లీ నీళ్లకు నేను వ్యతిరేకిని కాను, నేనూ తాగుతాను. కానీ దురద తెచ్చే ఫంగస్‌ను అవి ఏమీ చేయలేవు. షుగర్ ఉన్నవారు ఈ వంకతో బార్లీలో పంచదార కలుపుకుంటే పరిస్థితి ఇంకా పాడవుతుంది.

యూరిన్ రిపోర్టులో పస్ సెల్స్ 10–12 అని వచ్చింది. అంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే కదా?

ఆ ఒక్క వరుస చూసి చెప్పలేం. పస్ సెల్స్ అంటే తెల్ల రక్తకణాలు. మైక్రోస్కోపు కింద ఒక్కో చూపులో అయిదు దాకా మామూలే అంటారు. 10–12 ఉంటే ఎక్కడో వాపు ఉందన్నమాట. ఎక్కడన్నదే అసలు ప్రశ్న. యోనిలో వాపు ఉన్నా ఆ కణాలు తెల్లబట్టలో బోలెడుంటాయి. మూత్రం బయటికి వచ్చే దారిలో తెల్లబట్టను కడుక్కుంటూ వస్తుంది కాబట్టి అవి సీసాలోకి చేరతాయి.

అందుకని అదే కాగితం మీద ఇంకో రెండు వరుసలు చూడండి. ఒకటి ఎపిథీలియల్ సెల్స్. ఇవి చర్మం, యోని పొరల నుంచి రాలిన కణాలు. ఇవి కూడా పదీ పదిహేను ఉన్నాయంటే శాంపిల్‌లో బయటి సరుకు కలిసిందని అర్థం. అప్పుడు పస్ సెల్స్ లెక్కను నమ్మకూడదు. రెండోది నైట్రైట్. ఈ. కోలై వంటి బ్యాక్టీరియా మూత్రంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇది పాజిటివ్ వస్తే మూత్ర ఇన్ఫెక్షన్ అనుమానం బాగా బలపడుతుంది. నెగెటివ్ వస్తే లేదని మాత్రం అనుకోవద్దు. ఈ మార్పు జరగడానికి మూత్రం మూత్రకోశంలో దాదాపు నాలుగు గంటలు నిలవాలి. పది నిమిషాలకోసారి వెళ్లే మనిషికి అంత సమయం ఎక్కడిది? నైట్రైట్ తయారుచేయని బ్యాక్టీరియా కూడా కొన్ని ఉన్నాయి.

మూత్రంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్ రిపోర్టులో "మిశ్రమ పెరుగుదల" అని వస్తే, అంటే మూడు నాలుగు రకాల సూక్ష్మజీవులు కలిసి పెరిగాయని రాస్తే, దాన్ని భయంకరమైన ఇన్ఫెక్షన్‌గా చదవకండి. చాలాసార్లు అది శాంపిల్ సరిగా పట్టలేదనే మాట. మళ్లీ ఇవ్వాలి.

మరి శాంపిల్ సరిగా ఇవ్వడం ఎలా?

చాలా ల్యాబుల్లో డబ్బా చేతికిచ్చి బాత్రూము చూపిస్తారు, అంతే. ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చేతులు కడుక్కుని, యోని పెదవులను రెండు వేళ్లతో విడదీసి, సబ్బు లేకుండా మంచినీళ్లతో ముందు నుంచి వెనక్కి కడగండి. పెదవులను అలా విడదీసే ఉంచి, మొదటి మూత్రం బయటికి వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని డబ్బాలో పట్టండి. చివరిది మళ్లీ వదిలేయండి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. తెల్లబట్ట ఎక్కువగా ఉన్న వివాహిత మహిళలైతే శుభ్రమైన దూదిని యోని ద్వారంలో కొద్దిగా ఉంచి పట్టవచ్చు. తర్వాత దాన్ని తీసేయడం మరవకూడదు. నెలసరిలో ఉంటే ఆ సంగతి ల్యాబులో ముందే చెప్పండి.

ఇంట్లో పట్టి తెచ్చేవారికి ఇంకో మాట. శాంపిల్ రెండు గంటల్లోగా ల్యాబుకు చేరాలి, లేదా ఫ్రిజ్‌లో ఉండాలి. మధురవాడలో పొద్దున పట్టి, చేతిసంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి, మధ్యలో కూరగాయలు కొనుక్కుని ల్యాబుకు చేరేసరికి ఆ ఎండకు డబ్బాలోని నాలుగు బ్యాక్టీరియా నాలుగు లక్షలవుతాయి. ల్యాబు దగ్గరే ఇవ్వడం మంచిది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. రెండు మాత్రలు వేసుకుని కల్చర్‌కు వెళ్తే ఏమీ పెరగకపోవచ్చు.

రెండు రకాల యాంటీబయాటిక్స్ వాడాను. మంట తగ్గకపోగా పెరిగింది. నాకు షుగర్ ఉంది. ఏం జరుగుతోంది?

ఈ ప్రశ్న ఇటీవలి ఏళ్లలో బాగా పెరిగింది. గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక కేసు చెబుతాను.

గాజువాక నుంచి ఒకావిడ వచ్చారు. వయసు 52, షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. షుగర్ అదుపులోకి రావడం లేదని నెల కిందట డాక్టరు డాపాగ్లిఫ్లోజిన్ చేర్చారు. మూడో వారంలో మంట మొదలైంది. వీధి చివర మెడికల్ షాపులో అడిగితే అయిదు రోజులకు నార్‌ఫ్లాక్సాసిన్ ఇచ్చారు. తగ్గలేదు. వేరే షాపులో సెఫిక్సిమ్ ఇచ్చారు. మంట ఇంకా పెరిగింది, రాత్రిళ్లు నిద్ర లేదు. చేతిలో యూరిన్ రిపోర్టు ఉంది: పస్ సెల్స్ 10–12, ఎపిథీలియల్ సెల్స్ 15–20, నైట్రైట్ నెగెటివ్, షుగర్ నాలుగు ప్లస్‌లు. కల్చర్‌లో మిశ్రమ పెరుగుదల.

"మంట ఎక్కడమ్మా?" అంటే "బయటే డాక్టరుగారూ, నీళ్లు తగిలినా భగ్గుమంటోంది" అన్నారు. మాటిమాటికీ వెళ్తున్నారా అంటే అవునన్నారు. ఇక్కడే రెండు షాపుల్లోనూ యూరిన్ ఇన్ఫెక్షన్ అనేసి ఉంటారు. ఎంత వస్తోందని అడిగితే "బాగానే వస్తోంది, ప్రతిసారీ గ్లాసు నిండా" అన్నారు. కొద్దికొద్దిగా కాదు. పొత్తికడుపు నొప్పి లేదు, ఆపుకోలేకపోవడమూ లేదు. దురద ఉందా అంటే కాసేపు తల దించుకుని, రాత్రి గోకి గోకి రక్తం కూడా వచ్చిందని చెప్పారు.

పరీక్షిస్తే యోని పెదవులు ఎర్రగా వాచి, సన్నటి పగుళ్లతో ఉన్నాయి. లోపల పెరుగు తరకల్లా తెల్లబట్ట, వాసన లేదు. ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ కాగితం మీద 4 చూపించింది. ఆ తెల్లబట్టను పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కతో గాజు పలక మీద పెట్టి చూస్తే కాండిడా ఫంగస్ దారాలు కనిపించాయి.

జరిగిందేమిటంటే, డాపాగ్లిఫ్లోజిన్ పనే రక్తంలోని చక్కెరను మూత్రంలోకి తోసేయడం. షుగర్ ఉన్నవారిలో రోజుకు సుమారు 70 గ్రాముల దాకా అలా పోతుంది. చక్కెర తనతో నీటిని లాక్కుపోతుంది కాబట్టి మూత్రం ఎక్కువగా వస్తుంది. అందుకే గ్లాసు నిండా. ఆ తీపి మూత్రం తడిపే చోట ఫంగస్‌కు మంచి ఆహారం దొరుకుతుంది. ఈ మందు మీద జరిగిన పరిశోధనల్లో వాడిన మహిళలు నూరుమందిలో సుమారు ఏడుగురికి జననాంగాల దగ్గర ఫంగస్ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది ఒకరికో ఇద్దరికో. మన దేశంలో 2020 చివర్లో దీని పేటెంట్ ముగిసి చవక రకాలు వచ్చాక వాడకం బాగా పెరిగింది. మందు మంచిదే, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తుంది. దాని వెంట రాగల ఈ ఇబ్బంది గురించి చీటీ రాసేటప్పుడు ఒక్క మాట చెబితే ఇంత అవస్థ ఉండదు.

ఇక యాంటీబయాటిక్స్ సంగతి. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. అది ఆమ్లాన్ని పుట్టించి ఫంగస్‌ను అదుపులో ఉంచుతుంది. యాంటీబయాటిక్‌కు ఫంగస్ చావదు, ఈ మేలు బ్యాక్టీరియా మాత్రం తగ్గిపోతుంది. ఒక కోర్సు కాకపోతే రెండో కోర్సు అంటూ వాడేకొద్దీ కాండిడాకు ఖాళీ జాగా దొరుకుతూ పోతుంది.

ఆవిడకు ఫంగస్‌ను చంపే మందులే ఇచ్చాను: క్లోట్రిమజోల్ క్రీమ్ రెండు వారాలకు రాసి, ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర మూడు రోజుల ఎడంతో రెండుసార్లు ఇచ్చాను. షుగర్ ఉన్నవారికి ఒక్క మాత్ర చాలాసార్లు సరిపోదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్లుకోనజోల్ వేసుకుంటే గ్లిమిపిరైడ్ ఒంట్లోంచి త్వరగా పోదు. దాంతో షుగర్ బాగా పడిపోవచ్చు. అందుకని వేళకు తినమని, చెమటలూ వణుకూ వస్తే వెంటనే పంచదార నీళ్లు తాగి షుగర్ చూసుకోమని చెప్పాను. మెడికల్ షాపులో అడిగి ఫ్లుకోనజోల్ కొనుక్కునేవారికి ఈ సంగతి ఎవరు చెబుతారు? డాపాగ్లిఫ్లోజిన్ కొనసాగించాలా వద్దా అన్నది ఆమె షుగర్ డాక్టరుకు చీటీ రాసి వదిలేశాను. మీరూ మీ అంతట మీరు ఆపేయవద్దు. రెండు మూడు రోజుల్లో మంట తగ్గింది, దురద పోవడానికి వారం పట్టింది.

డాపాగ్లిఫ్లోజిన్ కుటుంబంలోనే ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ కూడా ఉన్నాయి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" ఉందేమో మీ మాత్రల అట్ట మీద చూసుకోండి. ఈ మందు వాడేవారి యూరిన్ రిపోర్టులో షుగర్ ప్లస్‌లు ఎప్పుడూ ఉంటాయి. వాటిని చూసి షుగర్ అదుపు తప్పిందని కంగారుపడనక్కర్లేదు. రక్తపరీక్షే లెక్క.

తెల్లబట్ట చూసి ఏ ఇన్ఫెక్షనో చెప్పవచ్చా?

కొంతవరకే. చిక్కగా, తరకలు తరకలుగా, వాసన లేకుండా, విపరీతమైన దురదతో ఉంటే కాండిడాను అనుమానిస్తాం. పలచగా, బూడిద రంగులో, ముఖ్యంగా కలయిక తర్వాత చేపల వాసన వస్తూ ఉంటే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. ఇందులో దురదా మంటా తక్కువ. పచ్చగా నురుగుతో వస్తూ, మంటా వాసనా రెండూ ఉంటే ట్రైకోమొనాస్ కావచ్చు. ఇది కలయిక ద్వారా వచ్చేది. కాండిడాలో పీహెచ్ సాధారణంగా 4.5 దాటదు, మిగతా రెంటిలో దాటుతుంది. వెల పెద్దగా లేని ఆ కాగితం ముక్క వాడితే చాలా గందరగోళం తప్పుతుంది.

అయితే పుస్తకంలో రాసినట్టు ఎవరికీ రాదు. రెండు కలిసి రావచ్చు. నెలసరి మధ్యలో జిగటగా వచ్చే తెల్లబట్ట జబ్బు కానే కాదు, దానికి మందు వద్దు.

మూత్ర ఇన్ఫెక్షన్, యోని ఇన్ఫెక్షన్ రెండూ ఒకేసారి ఉండవచ్చా?

ఉండవచ్చు. మూత్ర ఇన్ఫెక్షన్‌కు మందు వాడిన వారం తర్వాత ఫంగస్ మొదలవడం మరీ మామూలు. మొదట లోపలి మంట తగ్గి, నాలుగు రోజులు హాయిగా ఉండి, మళ్లీ మంట అంటూ వస్తారు. అది పాత జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు, రెండో జబ్బు కావచ్చు. పాత చీటీ చూపించి అదే యాంటీబయాటిక్ మళ్లీ కొనే ముందు, దురద ఉందేమో ఒకసారి గమనించుకోండి.

కల్చర్‌లో ఏమీ లేదన్నారు. దురదా పెద్దగా లేదు. అయినా మంట ఉంది. అదేమిటి?

మూడు నాలుగు దారులున్నాయి. చిన్న వయసువారిలో, భాగస్వామి కొత్తవారైనప్పుడు, క్లామిడియా, గనేరియా వంటివి మూత్రనాళంలో వాపు తెస్తాయి. పస్ సెల్స్ కనిపిస్తాయి, మామూలు కల్చర్‌లో ఏదీ పెరగదు. వాటికి వేరే పరీక్ష అడగాలి. మొదటిసారి హెర్పిస్ వచ్చినప్పుడు చిన్న నీటిపొక్కులు, పుండ్లు లేచి, మూత్రం తగిలితే ప్రాణం పోయినంత మంట ఉంటుంది. కొందరు ఆ భయానికి మూత్రం బిగబడతారు. దాన్ని చూడకుండా, ఫోనులో మాట విని మందు రాయడం కుదరదు.

మరో దారి, మనమే తెచ్చిపెట్టుకునేది. "శుభ్రం" పేరుతో యాంటీసెప్టిక్ ద్రవాన్ని నీళ్లలో కలిపి రోజూ కడిగేవాళ్లు ఎంతమందో. వాసన వచ్చే సబ్బులు, సెంటు రాసిన ప్యాడ్లు, ఇటీవల మార్కెట్లోకి వచ్చిన రకరకాల యోని వాష్‌లు సరేసరి. వీటివల్ల చర్మం పొక్కి మంట వస్తే, మంట వచ్చిందని ఇంకాస్త కడుగుతారు. అన్నీ ఆపేసి, వారం పాటు మంచినీళ్లు, నూలు లోదుస్తులు మాత్రమే అంటే సగం మంది ఇంకే మందూ లేకుండా బాగుపడతారు. యోని లోపలి భాగాన్ని దేనితోనూ కడగనక్కర్లేదు.

నెలసరి ఆగిపోయి పదేళ్లయింది. తెల్లబట్ట లేదు, దురద కొంచెమే. మంట మాత్రం పోదు.

ఈస్ట్రోజెన్ తగ్గితే యోని, మూత్రనాళం పొరలు పలచబడి పొడిబారతాయి. అందువల్ల మంట, కలయికలో నొప్పి, కొందరికి మాటిమాటికీ మూత్రమూ ఉంటాయి. లాక్టోబాసిల్లస్ కూడా తగ్గి పీహెచ్ పెరుగుతుంది, దాంతో నిజమైన మూత్ర ఇన్ఫెక్షన్లూ తరచుగా వస్తాయి. "ఈ వయసులో అక్కడి గురించి ఏం చెప్పుకుంటాం" అని ఏళ్లకు ఏళ్లు భరించేవారిని చూస్తే బాధగా ఉంటుంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము తక్కువ మోతాదులో కొన్ని వారాలు వాడితే చాలామందికి పొడిబారడమూ, పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ముందుగా తమ క్యాన్సర్ డాక్టరును అడగాలి. నెలసరి ఆగాక రక్తం మరక కనిపిస్తే క్రీముల జోలికి పోకుండా ముందు పరీక్ష చేయించుకోవాలి.

మెడికల్ షాపులో ఇచ్చే తీపి సిరప్ తాగవచ్చా? రెండు గంటల్లో హాయిగా ఉంటుంది.

అది మూత్రంలోని ఆమ్లాన్ని తగ్గించే సిట్రేట్ సిరప్. మంటకు కాస్త ఉపశమనం ఇవ్వవచ్చు, బ్యాక్టీరియాను మాత్రం చంపదు. మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఇప్పుడు ముందుగా రాసే మందుల్లో నైట్రోఫ్యురాంటోయిన్ ఒకటి. అది ఆమ్ల మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. ఒక చేత్తో ఆ మాత్ర, మరో చేత్తో ఈ సిరప్ తీసుకుంటే మందు బలం తగ్గుతుంది. ఒకే చీటీలో రెండూ రాసి ఉన్న సందర్భాలు నేను చూశాను. మీ చీటీలో కనిపిస్తే అడగండి, డాక్టర్లు ఏమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి మన దేశంలో చాలాచోట్ల ఈ. కోలై మీద పనిచేయడం మానేశాయి. ఇష్టం వచ్చినట్టు కొనుక్కోవడం వల్ల వచ్చిన ఫలితమే అది.

గర్భిణిని. మంట ఉంది. ఆగవచ్చా?

ఆగవద్దు. గర్భంలో మూత్ర ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు త్వరగా పాకుతుంది, నెలలు నిండకముందే నొప్పులు తేవచ్చు. మంట లేకపోయినా కల్చర్‌లో బ్యాక్టీరియా వస్తే మందు వాడాల్సిందే. ఫంగస్ కూడా గర్భంలో ఎక్కువగా వస్తుంది. దానికి ఫ్లుకోనజోల్ మాత్ర వేసుకోకూడదు, యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ ఏడు రోజులు వాడతారు. రెంటిలో ఏదో తేల్చకుండా ఏ మాత్రా వేసుకోకండి.

భర్తకు కూడా మందు ఇప్పించాలా?

ట్రైకోమొనాస్, క్లామిడియా, గనేరియా అయితే తప్పకుండా ఇప్పించాలి. లేకపోతే మీకు తగ్గి, ఆయన దగ్గర నుంచి మళ్లీ వస్తుంది. ఇద్దరి మందూ పూర్తయ్యేదాకా కలవకూడదు. మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఆయనకు మందు అక్కర్లేదు. కాండిడాకు కూడా సాధారణంగా అక్కర్లేదు, ఆయనకూ దురదా ఎర్రదనమూ ఉంటే తప్ప.

విశాఖలో ఎక్కడ చూపించుకోవాలి? ప్రైవేటుకు డబ్బు లేదు.

కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి, అదే కె.జి.హెచ్. ఉంది. పాత ఊళ్లో ఆడవాళ్ల కోసమే ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి ఉంది. ఘోషా ఆసుపత్రి అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. సుఖవ్యాధుల కోసమే కదా అని సంకోచించకండి, తెల్లబట్ట, దురద, మంటలకు కూడా అక్కడ ఉచితంగా చూస్తారు. యోని ఇన్ఫెక్షన్‌కు ఆకుపచ్చ ప్యాకెట్టులో సెక్నిడజోల్, ఫ్లుకోనజోల్ కలిపి ఇస్తారు. ప్యాకెట్టు చేతిలో పెట్టే ముందే గర్భవతినని చెప్పండి, షుగర్ మాత్రల పేర్లూ చెప్పండి. గర్భిణులకు ఇచ్చే మందు వేరుగా ఉంటుంది.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మంట లోపలా బయటా, మూత్రం ఎంతెంత వస్తోంది, దురద ఉందా, ఇప్పటిదాకా ఏ మాత్రలు వాడారు అన్నవి ముందే చెప్పేయండి. పేర్లు గుర్తుండకపోతే ఖాళీ అట్టలే పట్టుకెళ్లండి.

ఏ లక్షణాలుంటే పొద్దున దాకా ఆగకూడదు?

మూత్రకోశం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌లో జ్వరం రాదు. చలితో వణికే జ్వరం, నడుముకు పైన పక్కన నొప్పి, వాంతులు ఉంటే అది మూత్రపిండానికి ఎక్కినట్టే. మూత్రం బిగబట్టి గంటల తరబడి రాకపోయినా, షుగర్ ఉన్నవారికి జననాంగాల దగ్గర చర్మం వాచి, నొప్పి చూస్తుండగానే పెరుగుతూ, నల్లబడుతున్నా అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు మూత్రమా, యోనా అని ఇంట్లో తేల్చుకుంటూ కూర్చోవద్దు.